ఇచ్చిన అధికారమా, పంచిన అధికారమా: సమాఖ్య ప్రశ్నకు జవాబు దిద్దడం ఎలా?

రాజనీతిశాస్త్ర జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘కేంద్రం రాష్ట్రాలకు అధికారాలు ఇస్తుంది కాబట్టి భారతదేశం సమాఖ్య.’ సమాఖ్య అన్న ముగింపును ఆమోదించవచ్చు. దానికి చూపిన కారణం మాత్రం ఏకకేంద్ర వ్యవస్థ లక్షణం. ముగింపు మాత్రమే చూసి మార్కులు వేస్తే ఈ పొరపాటు దొరకదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని కేంద్రం ఒక్కటే వెనక్కి తీసుకోగలదా? భారత రాష్ట్రాల శాసనాధికారం పార్లమెంటు చేసిన చట్టం నుంచి రాలేదు. రాజ్యాంగంలోని 246వ అధికరణ, ఏడో షెడ్యూలు నుంచి వచ్చింది. ఆ షెడ్యూలులోని జాబితాలను మార్చాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. వస్తు సేవల పన్నుకు వీలు కల్పించిన 2016 నాటి 101వ సవరణ ఈ దారిలోనే నడిచింది.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. ఉత్తర ఐర్లండ్‌కు ఒకప్పుడు సొంత పార్లమెంటు ఉండేది. దాన్ని 1972లో లండన్ ప్రభుత్వం నిలిపివేసింది, మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం రద్దు చేసింది. అక్కడ ఉన్నది ఇచ్చిన అధికారం. శ్రీలంకలోనూ 1987 నాటి 13వ సవరణతో ప్రాంతీయ మండళ్లు ఏర్పడ్డాయి, అయినా ఆ దేశ రాజ్యాంగం తనది ఏకకేంద్ర రాజ్యమనే చెబుతోంది. కింది స్థాయిలో సభలు ఉన్నంత మాత్రాన సమాఖ్య కాదు.

దిద్దేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది దీనికి ఎదురు జవాబు: ‘మూడో అధికరణ ప్రకారం పార్లమెంటు రాష్ట్రాల సరిహద్దులు మార్చగలదు, కనుక భారతదేశం ఏకకేంద్ర రాజ్యం.’ ఇందులో చెప్పిన వాస్తవం తప్పు కాదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా పార్లమెంటు ఆమోదించింది. శాసనసభ అభిప్రాయం కోరడం తప్పనిసరే గానీ దాని సమ్మతి అవసరం లేదు. అయితే ఇక్కడ మారినది రాష్ట్రాల హద్దు, వాటి అధికారాల జాబితా కాదు. విభజన తరువాత తెలంగాణకు, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు అదే రాష్ట్ర జాబితా వర్తించింది. అందుచేత వాస్తవానికి మార్కులు ఇచ్చి, ‘కనుక’ దగ్గర కోత పెట్టడం న్యాయం. ‘బలమైన కేంద్రం గల సమాఖ్య’ అని ముగించి ఉంటే పూర్తి మార్కులు దక్కేవి.

హక్కులు, విధుల విషయంలో అడగవలసింది వేరు: ఎవరు ఎవరికి బాధ్యులు? 2002 నాటి 86వ సవరణ ఒక్కటే రెండింటినీ తెచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అందించే బాధ్యతను 21ఎ అధికరణ ప్రభుత్వంపై పెట్టింది. అది పిల్లల హక్కు, భంగపడితే కోర్టుకు వెళ్లవచ్చు. అదే వయసు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని 51ఎ అధికరణలో చేర్చింది. ప్రత్యేక చట్టం లేనిదే కోర్టు దాన్ని నేరుగా అమలు చేయించలేదు. ‘చదువుకోవడం పిల్లల ప్రాథమిక విధి’ అని విద్యార్థి రాస్తే, ఈ రెండు అధికరణల్లో ఏదీ ఆ మాట అనలేదని పక్కన రాయాలి.