మూడు ‘డి’లు వచ్చినా మార్కు రాని ప్రశ్న

పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోట్సులో విటమిన్ల పేజీ తిరగేస్తే, మార్జిన్లో పెన్సిలుతో గీకిన వింత మాటలు కనిపిస్తాయి. ‘రేబెస్కరి’ లాంటివి. ఎ, బి1, సి, డి వరసలో రేచీకటి, బెరిబెరి, స్కర్వీ, రికెట్స్ అన్నమాట. దానికి అర్థమేమీ లేదు గానీ, ఒకసారి నోటికెక్కితే వరస తప్పనివ్వదు. ఖనిజాల దగ్గరికొస్తే ‘ఆకుకు మెగ్నీషియం, నెత్తురుకు ఇనుము, బి12కు కోబాల్ట్, గొంతుకు అయోడిన్’ అని పాటలా చదువుతారు. పత్రహరితం, హీమోగ్లోబిన్, థైరాక్సిన్ అన్నీ అందులోనే ఇమిడిపోతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, బి3 ఒక ఎత్తు. నియాసిన్ లోపిస్తే వచ్చే పెల్లగ్రాకు మూడు లక్షణాలు, మూడూ ‘డి’తోనే మొదలవుతాయి: డెర్మటైటిస్, డయేరియా, డిమెన్షియా. చర్మం చెడటం, విరేచనాలు, మతి తప్పడం. విటమిన్ నంబరూ మూడే. ఇంతకంటే తేలిగ్గా గుర్తుండే కిటుకు ఈ పాఠంలో ఇంకోటి లేదు. ‘జతపరచండి’ అని అడిగితే కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు. చిక్కంతా ప్రశ్న వేషం మార్చుకుని వచ్చినప్పుడే.

ఇలా వచ్చిందనుకోండి. నలభై అయిదేళ్ల వ్యవసాయ కూలీ. రెండు పూటలా జొన్న రొట్టె, కారం. పప్పు ఎప్పుడో గానీ లేదు, పాలు అసలే లేవు. ఎండాకాలం మొదలయ్యాక రెండు ముంజేతుల మీదా, పాదాల మీదా, మెడ చుట్టూ చర్మం నల్లబడి గరుకెక్కింది. నాలుక ఎర్రగా పుండులా ఉంది. నిద్ర పట్టడం లేదు, ఊరికే చిరాకు. విరేచనాలు లేవు. ఏ లోపం?

మూడు ‘డి’లు బట్టీ పట్టినవాడు ఇక్కడే ఆగిపోతాడు. విరేచనాలు లేవన్నారు, మతి తప్పిందనీ అనలేదు, కాబట్టి పెల్లగ్రా కాదని కొట్టేస్తాడు. నిజానికి మూడూ ఒకేసారి కనబడే రోగి అరుదు. చాలామందిలో ముందు వచ్చేది చర్మం మీది మచ్చే. ఆ మచ్చకు రెండు గుర్తులున్నాయి, రెండూ కిటుకులో లేవు. ఒకటి, అది ఎండ తగిలే చోటే వస్తుంది. చొక్కా కప్పిన వీపు బాగానే ఉంటుంది, కాలరు పైన మెడ మాత్రం కమిలిపోతుంది. రెండోది, కుడి చేతికి ఎంత ఉందో ఎడమ చేతికీ దాదాపు అంతే, ఒకే హద్దుతో ఉంటుంది. మెడ చుట్టూ పట్టెడలా వచ్చే ఆ మచ్చకు ‘కాసల్ కంఠహారం’ అని పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్‌లో ఈ జబ్బును మొదట వివరించిన వైద్యుడు గాస్పర్ కాసల్ పేరు మీద అలా పిలుస్తారు.

సరే, బి3 అని పెట్టాడు, మార్కు వచ్చింది. తరవాతి ప్రశ్న అసలు గట్టిది: జొన్నలో నియాసిన్ పాలిష్ బియ్యంలో ఉన్నదానికి తక్కువేమీ కాదు. మరి అన్నం తినేవాళ్లకు రానిది జొన్న తినేవాళ్లకు ఎందుకొచ్చింది?

ఇది ఎవరో కూర్చుని కల్పించిన ప్రశ్న కాదు, మన హైదరాబాద్‌లోనే పుట్టింది. కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1950ల చివర్లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అదే. దక్కన్ పీఠభూమిలో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లగ్రా కనబడుతుండటంతో అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దాని వెంట పడ్డారు. అప్పటికి ప్రపంచానికి తెలిసిన పెల్లగ్రా మొక్కజొన్న తినేవాళ్లది. మొక్కజొన్నలో నియాసిన్ ఉంటుంది గానీ, వేరే పదార్థాలతో గట్టిగా అతుక్కుని ఉండి పేగులకు అందదు. మెక్సికోవాళ్లు వేల ఏళ్లుగా ఆ గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుకుంటారు. సున్నం ఆ బంధాన్ని విప్పుతుంది. పంట యూరప్‌కూ అమెరికా దక్షిణ రాష్ట్రాలకూ వెళ్లింది గానీ, సున్నపు నీళ్ల పద్ధతి దాని వెంట వెళ్లలేదు. జబ్బు మాత్రం అక్కడ పాతుకుపోయింది.

జొన్న కథ ఇంకోలా ఉంది. గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో చెప్పిందేమిటంటే, జొన్న ప్రొటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు చాలా ఎక్కువ, అది ఒంట్లో నియాసిన్ వ్యవహారాన్ని దెబ్బతీస్తోంది అని. తరవాత ఈ వాదం మీద గట్టి చర్చే జరిగింది. లూసిన్ ఒక్కటే దోషి అని అందరూ ఒప్పుకోలేదు. తిండిలో మరో అమైనో ఆమ్లం ఐసోలూసిన్‌తో దానికున్న తూకమూ, బి6 అందడమూ కూడా లెక్కలోకి వచ్చాయి. వాదన ఎటు తేలినా, కంచంలో విటమిన్ ఉన్నంత మాత్రాన ఒంటికి చేరినట్టు కాదని మాత్రం తేలిపోయింది. ‘బి3 లోపిస్తే పెల్లగ్రా’ అన్న ఒక్క గీతలో ఈ ముక్కకు చోటు లేదు.

ఆ గీతను ఇంకాస్త కదిలించే ప్రశ్న పాల గురించి. 1914లో అమెరికా ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ణి పెల్లగ్రా సంగతి తేల్చమని పంపింది. అప్పట్లో అది అంటురోగమని చాలామంది నమ్మకం. అనాథాశ్రమాల్లో పిల్లలకు ఉన్న జబ్బు వాళ్లను చూసుకునే సిబ్బందికి రాకపోవడం ఆయన గమనించాడు. తేడా కంచంలో ఉందని గ్రహించి పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు. జబ్బు తగ్గిపోయింది. ఆ పదార్థం నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని, 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ తేల్చాడు. ఇక్కడే తిరకాసు. పాలల్లో నియాసిన్ దాదాపు లేనట్టే. అర లీటరు ఆవుపాలలో అర మిల్లీగ్రాము ఉంటే గొప్ప. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు. మరి పాలు పెల్లగ్రాను ఎలా ఆపాయి?

పాల ప్రొటీన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మన కాలేయం దాన్నే నియాసిన్‌గా మార్చుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు సుమారు ఒక మిల్లీగ్రాము నియాసిన్ అని లెక్క. అర లీటరు పాలలో 200 మిల్లీగ్రాములకు కాస్త పైనే ట్రిప్టోఫాన్ ఉంటుంది. దాన్ని 60తో భాగిస్తే మూడున్నర. ముందున్న అర కలిపితే నాలుగు. అంటే పైకి అర మిల్లీగ్రాము చూపించే పాలు ఒంటికి నాలుగు ఇస్తున్నాయి. గుడ్డుదీ ఇదే వరస. ‘కింది వాటిలో పెల్లగ్రా రోగికి ఏ ఆహారం మేలు’ అని అడిగినప్పుడు, నియాసిన్ పట్టిక మాత్రమే చూసినవాడు పాలను మొదటే కొట్టేస్తాడు.

ఈ మార్పిడి ఊరికే జరగదు. దారిలో ఒక మెట్టుకు బి6 కావాలి, ఒక మెట్టుకు బి2 కావాలి, ఇనుము పట్టుకున్న ఎంజైములూ కావాలి. ‘నెత్తురుకు ఇనుము’ అని పాడుకున్నవాడికి ఆ ఇనుము విటమిన్ తయారీలోనూ చెయ్యి వేస్తుందని తట్టదు. ఇక క్షయ రోగికి ఐసోనియాజిడ్ ఇస్తారు. ఆ మందు బి6ను పట్టుకుని మూత్రంలోకి లాగేస్తుంది. ఎక్కువమందిలో దీనివల్ల అరికాళ్ల తిమ్మిర్లు, మంటలు వస్తాయి. అసలే తిండి అంతంతమాత్రంగా ఉన్న కొందరిలో ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారడం కుంటుపడి పెల్లగ్రా మచ్చలే తేలుతాయి. కనబడేది బి3 జబ్బు, జారిపోయింది బి6. క్షయ మందుల పొట్లంతో పాటు పిరిడాక్సిన్ బిళ్ల ఇచ్చేది ఇందుకే. ‘ఈ రోగికి ఏ విటమిన్ కూడా ఇవ్వాలి’ అన్న ప్రశ్నకు నియాసిన్ అని మాత్రమే రాస్తే సగం జవాబే.

ఖనిజాల పాట ముంచేది ఎక్కువగా కోబాల్ట్ దగ్గర. ‘బి12కు కోబాల్ట్’ నూటికి నూరుపాళ్లు నిజం, ఆ అణువు నడుమ కూర్చున్నది కోబాల్టే. దాంతో బి12 లోపించిన మనిషికి కోబాల్ట్ లవణం ఇస్తే సరి అనిపిస్తుంది. గొర్రెకైతే సరే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కొన్ని పచ్చిక భూముల్లో మేత కళ్లెదుట ఉన్నా గొర్రెలు చిక్కి చచ్చిపోయేవి. నేలలో కోబాల్ట్ లేదని 1930లలో తేలింది, కాస్త ఇస్తే కోలుకున్నాయి. గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ కోబాల్ట్‌తో బి12 తయారు చేస్తాయి, అది కిందికి జారి చిన్నపేగు చివర్లో ఒంటబడుతుంది. మన పెద్దపేగులోనూ బి12 చేసే సూక్ష్మజీవులున్నాయి. కానీ బి12 ఒంటబట్టే చోటు అప్పటికే దాటిపోయింది. అందుకని మనకు తయారైన బి12నే ఇవ్వాలి, కోబాల్ట్ ఇచ్చి లాభం లేదు. మూలకం ఒకటే, జబ్బుకు మూలమూ ఒకటే, వైద్యం మాత్రం జంతువును బట్టి మారిపోయింది.

ఇంతకీ కిటుకుల్ని చించి పారేయమనడం లేదు. పరీక్ష హాల్లో ముప్పై సెకన్లలో రేచీకటి ఎవరిదో తట్టాలంటే ‘రేబెస్కరి’ని మించింది లేదు. దాని కిందే మూడు మాటలు రాసుకోమని మా పిల్లలకు చెబుతుంటాను: వస్తోందా, మారుతోందా, ఎటు పోతోంది. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా అందదు, అది మొదటిది. క్షయ మందు వాడేవాడిలో మార్పిడి ఆగింది, అది రెండోది.

మూడోదానికి ఒక ప్రశ్న. తిండికి లోటు లేని యాభై ఏళ్లాయన. పాలు, గుడ్లు, మాంసం అన్నీ తింటాడు. ఉన్నట్టుండి మొహం ఎర్రబారి వేడెక్కుతుంటుంది, నీళ్ల విరేచనాలు. ఇప్పుడు మెడ మీదా చేతుల మీదా పెల్లగ్రా మచ్చలు. ఇతనికి పేగులో కార్సినాయిడ్ అనే కణితి. ట్రిప్టోఫాన్‌లో మామూలుగా ఒక శాతం సెరటోనిన్ తయారీకి పోతే, ఇతని ఒంట్లో సగానికి పైగా ఆ కణితే లాక్కుంటోంది. నియాసిన్ తయారీకి మిగిలింది కొసరు. నికోటినమైడ్ బిళ్లలు మొదలుపెడితే మచ్చలు కొన్ని వారాల్లో మానతాయి. విరేచనాలు మాత్రం ఆగవు, ఎందుకంటే అవి పెల్లగ్రావి కావు, సెరటోనిన్‌వి.