అప్పు చేసి బంగారమా, అల్లుడూ?



నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. "తులం లక్ష దాటిపోయింది మామయ్యా, ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేం" అన్నావు. ఐదు లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని మెసేజ్ వచ్చిందనీ, 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనీ, సోమవారం డబ్బు పడగానే షాపుకెళ్తాననీ చెప్పావు. ఫోన్లో వాదిస్తే నీకు కోపం, నాకు ఆయాసం. ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద లెక్కలు చెప్పినవాణ్ని, కాగితం మీదయితేనే నాకు మాట సాగుతుంది.

ముందు ఒకటి అడుగుతాను. ఆ దరఖాస్తులో "రుణం దేనికి" అన్నచోట ఏం రాశావు? ఇంటి మరమ్మతులని రాసి ఉంటావు. బంగారం కొనడానికని రాస్తే ఇవ్వరు కాబట్టి. బిస్కెట్లయినా నగలయినా నాణేలయినా, వాటిని కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2012 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెల నాకు బాగా గుర్తు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఐదు లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల వాయిదా సుమారు 17,090 రూపాయలు. మూడేళ్లలో నువ్వు కట్టేది 6 లక్షల 15 వేలు. అయితే నీ చేతికి ఐదు లక్షలూ రావు. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం అనుకుంటే పది వేలు, దాని మీద జీఎస్టీ మరో 1,800. అవి ముందే కోసుకుంటారు. మిగిలిన 4,88,200తో షాపుకెళ్తావు.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల గ్రాము పన్నెండు వేలనుకో. బోర్డు మీద కనిపించే ధర అదే. తరుగు, మజూరి కలిపి 12 శాతం వేస్తే 13,440 అవుతుంది. దాని మీద 3 శాతం జీఎస్టీతో గ్రాము 13,843 పడుతుంది. నీ డబ్బుకు 35 గ్రాముల పైచిలుకు నగ వస్తుంది. అదే నగను మర్నాడు పొద్దున అమ్మబోతే తరుగూ మజూరీ ఎవరూ తిరిగివ్వరు, జీఎస్టీ అసలే ఇవ్వరు. లోహం విలువ 4 లక్షల 23 వేలు. అందులోనూ కరిగింపు పేరుతో కొంత తీసేసే షాపులున్నాయి, ఆ సంగతి పక్కన పెట్టు. ఒక్క రాత్రిలో నీకు తగ్గింది సుమారు 77 వేలు. ధర పైసా పడకుండానే!

వాయిదాలన్నీ కట్టాక నీ 6 లక్షల 15 వేలు వెనక్కి రావాలంటే గ్రాము 17,440కి చేరాలి. అంటే మూడేళ్లలో 45 శాతం పెరగాలి. అది లాభం కాదురా, అసలూ వడ్డీ చేతికి రావడం మాత్రమే. "నగ ఎందుకు, బిస్కెట్ కొంటాను" అంటావేమో. దానికి మజూరి అంతగా ఉండదు కానీ జీఎస్టీ తప్పదు. మజూరి అసలే లేదనుకున్నా 30 శాతం పెరగాలి.

పెరగదా అంటే, పెరగవచ్చు. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష తాకితే, అక్టోబరుకల్లా లక్షా ముప్పై వేలకు చేరింది. నువ్వు చూసింది ఆ ఆరు నెలలనే. అదే అక్టోబరు 21న అంతర్జాతీయ ధర ఒక్కరోజులో ఐదు శాతానికి పైగా పడింది. అంతకుముందు 2024 జులైలో కేంద్రం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు, పది గ్రాములకు నాలుగు వేలకు పైగా చూస్తుండగానే తగ్గింది. ఇలాంటివి ముందురోజు మనకెవరూ చెప్పరు.

ఇక నా కథ. మీ అమ్మకు కూడా చెప్పలేదు. 2012 దీపావళికి మా ఉపాధ్యాయుల సహకార సంఘంలో రెండు లక్షలు అప్పు తీసుకున్నాను, 12 శాతం వడ్డీకి, మూడేళ్లకు. ఐదేళ్లుగా ధర ఏటేటా ఎక్కుతోంది. స్టాఫ్ రూమ్‌లో అదే మాట. పది గ్రాములు 32 వేలుండగా 60 గ్రాముల బిస్కెట్లు కొన్నాను. మీ అత్తయ్య వాటిని పసుపు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఆ మరుసటి వారమే పేపర్లో చదివాను. మనది బ్యాంకు కాదుగా అని పేజీ తిప్పేశాను.

2013 ఏప్రిల్లో అంతర్జాతీయ ధర రెండ్రోజుల్లో పదమూడు శాతం దాకా కుప్పకూలింది. చౌకగా దొరుకుతోందని జనం షాపుల ముందు క్యూ కట్టారు. నేను మాత్రం రాత్రి నిద్రపోలేదు. అయితే ఆగస్టులో రూపాయి పడిపోయి డాలరు 68 దాటింది. బయట బంగారం తగ్గినా మనకు రూపాయల్లో 33 వేలయింది. "చూశావా!" అని మీ అత్తయ్య ముందు మీసం తిప్పాను. అమ్మలేదు. ఇంకా పెరుగుతుందనుకున్నాను. తర్వాత రూపాయి కాస్త కుదురుకుంది, బయట ధర ఇంకా జారింది. 2015 జులైకి పది గ్రాములు 25 వేలు.

ఆ జులైలోనే మా వాడి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సొచ్చింది. నెలకు 6,643 చొప్పున 32 నెలలు వాయిదా కట్టి ఉన్నాను, చేతిలో రూపాయి మిగల్లేదు. పసుపు గుడ్డ విప్పాను. లక్షా నలభై ఏడు వేలిచ్చారు. మిగతా వాయిదాలు కూడా కట్టాక అప్పుకు మొత్తం కట్టింది 2 లక్షల 39 వేలు. తేడా నువ్వే తీసుకో.

"ఉంచుకుని ఉంటే ఇప్పుడు ఎన్నో లక్షలు అయ్యేది కదా మామయ్యా" అంటావని తెలుసు. అవును, అయ్యేది. సగటున చూస్తే 2012 నాటి 31 వేల ధర మళ్లీ కనిపించడానికే 2018 దాకా పట్టింది. సొంత డబ్బుతో కొన్న నా తోటి మాస్టారు ఆ ఆరేళ్లూ బీరువా తలుపు తెరవలేదు. నేను ఆగలేకపోయాను. ప్రతి నెలా ఐదో తారీఖుకు వాయిదా కట్టేవాడికి ఫీజు వచ్చిపడితే అమ్మడానికి కనిపించేది ఆ బిస్కెట్లే. ధర పాతాళంలో ఉన్నప్పుడే అవసరం వచ్చింది.

నువ్వు చెప్పిన రెండో ఎత్తు, కొన్న నగను తాకట్టు పెట్టి ఆ డబ్బుతో మళ్లీ కొనడం, అది ఇంకా గోతి. తాకట్టులో లోహం విలువే చూస్తారు, అందులోనూ ఒక వంతే ఇస్తారు. ధర పడితే మిగతా పూచీ తెమ్మంటారు, తేలేకపోతే వేలం. అప్పుడు పర్సనల్ లోన్ వాయిదా అలాగే ఉంటుంది, నగ ఉండదు. బిస్కెట్ మీదయితే బ్యాంకులు అప్పే ఇవ్వవు.

నెలకు 17 వేలు కట్టగలనని నువ్వే అన్నావు. మరి అప్పు లేకుండానే నెలకో గ్రాము నాణెం కొనుక్కో. మూడేళ్లకు 36 గ్రాములు. ధర ఎక్కితే ఆ నెల కొంచెం ఎక్కువవుతుంది, దిగితే నీకే మంచిది. ఒక నెల జీతం ఆలస్యమయితే మానెయ్యి, ఎవరూ ఫోన్ చెయ్యరు. చెల్లి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక కావాల్సిన పుస్తెలూ గాజులూ సంగతి వేరు. దానికి నేనూ ఓ చెయ్యి వేస్తాను.

సోమవారం లోపు ఆ లోన్ కాగితం ఫొటో నాకు పంపు. ముందే తీర్చేస్తే ఎంత జరిమానా వేస్తారో, బీమా పేరుతో ఇంకేం కోస్తున్నారో చూసి చెప్తాను. ఆదివారం వస్తే 2012 నాటి బిల్లు చూపిస్తాను. ఇంకా ఫైల్లోనే ఉంది. మీ అత్తయ్య పారేయనివ్వలేదు.

మీ మామయ్య
తెనాలి