మీకు తెలుసా? నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది

ఒళ్లో పడుకున్న పిల్లి గురగురమంటే హాయిగా ఉందనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఎముక విరిగిన పిల్లి, ఈనుతున్న పిల్లి, ప్రాణం పోతున్న పిల్లి కూడా అలాగే గురగురమంటాయి. పశువైద్యుల బల్ల మీద బెదిరిపోయిన పిల్లి కూడా అంతే. ఆ చప్పుడులో స్టెతస్కోపుకి గుండె సవ్వడి అందదు. అప్పుడు కొందరు వైద్యులు పక్కనున్న కుళాయి తిప్పుతారు. నీళ్ల చప్పుడుకి చాలా పిల్లులు ఆపేస్తాయి.

అంటే ఇది సంతోషానికి గుర్తు అనేకన్నా, ‘నా దగ్గరే ఉండు, నన్ను చూసుకో’ అనే పిలుపు కావచ్చు. 2009లో బ్రిటన్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కరెన్ మెకోంబ్ బృందం, తిండి అడిగే గురగురలో సన్నని ఏడుపులాంటి స్వరం దాగి ఉందని గమనించింది. దాని స్థాయి పసిపిల్లల ఏడుపుకి దగ్గరగా ఉంటుంది. పిల్లుల్ని ఎన్నడూ పెంచనివాళ్లకి కూడా అది తొందరపెడుతున్నట్టే వినిపించింది! గురగురలోని కంపనాలు ఎముకలు అతకడానికి తోడ్పడతాయన్న మాట ప్రచారంలో ఉంది గానీ, పిల్లుల్లో అది రుజువు కాలేదు.

అందుకే చప్పుడొక్కటే నమ్మొద్దు. మూలన ముడుచుకుని, కళ్లు సగం మూసి, చెవులు పక్కలకి వాల్చి, తిండి ముట్టకుండా గురగురమంటుంటే ఆరోజే వైద్యుడికి చూపించండి.