కార్ట్‌లో చీర వదిలేస్తే... వెంటపడకండి!

మంగళగిరి కాటన్ చీరలమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు అనుకుందాం. ఒకమ్మాయి 1,450 రూపాయల చీర కార్ట్‌లో వేసి, డబ్బు కట్టకుండా వెళ్లిపోయింది. ఇక షాపు నుంచి వరుసగా మెయిల్స్: ‘మర్చిపోయారా?’, ‘త్వరపడండి, ఒక్కటే ఉంది!’, ‘చివరి ఛాన్స్, 10 శాతం తగ్గింపు!’ మూడింట్లోనూ తొందరపెట్టడమే. ఆమె ఎందుకు ఆగిందన్న ఆలోచనే లేదు.

వీటిని దిద్దుదాం. మొదటి మెయిల్ రెండు మూడు గంటల్లో పంపాలి. చీర ఫొటో, డెలివరీ చార్జీతో కలిపి మొత్తం ధర, అదే కార్ట్‌ను తెరిచే లింకు ఉంటే చాలు. చివర్లో చార్జీ కనపడగానే ఆగిపోయేవాళ్లు చాలామందే మరి!

రెండోది మర్నాడు. రంగు పోతుందా, బ్లౌజ్ ముక్క ఉందా, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి పంపొచ్చు? వీటికి జవాబులు రాయండి. ఆమె రిప్లై ఇస్తే ఎవరో ఒకరు చదవాలి.

మూడు రోజుల తర్వాత మూడోది: ‘దీని గురించి ఇదే చివరి మెయిల్.’ తగ్గింపు తీసేయండి. ప్రతిసారీ ఇస్తే, దానికోసమే కార్ట్ వదిలేయడం అలవాటవుతుంది. ‘ఒక్కటే ఉంది’ అన్నది నిజమైతేనే ఉంచండి. లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023 మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా చేర్చింది.

ఆఖరుగా, మీరే ఒక చీర కార్ట్‌లో వేసి, మొదటి మెయిల్ వచ్చాక కొని చూడండి. ఆ తర్వాత రెండోది వచ్చిందా? సెట్టింగ్ తప్పినట్టే. వాట్సాప్‌లో కొన్నవాళ్ల సంగతి మాత్రం సిస్టమ్‌కి తెలీదు. వాళ్ల పేర్లు మీరే తీసేయాలి.