రిసెప్షన్‌కు ముందు హాలు మేనేజర్‌కు ఒక ఉత్తరం

పెళ్లి రిసెప్షన్‌కు సౌండ్ మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు బాక్సులు ఎన్ని పెడతావు, బేస్ గట్టిగా ఉంటుందా, పాడేవాళ్లకు మైకులు ఎన్ని అని అడుగుతారు. కరెంటు ఎక్కడి నుంచి తెస్తావని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలయ్యాయి. అందుకే హాలు చూసి వచ్చిన రోజే అక్కడి మేనేజర్ గారికి ఉత్తరం రాసి పంపుతాను. ఈ మధ్య రాసిన ఒక ఉత్తరాన్ని, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు కూడా పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

మేనేజర్ గారికి నమస్కారం.

నిన్న వచ్చి మీ హాలు చూశాను. వేదిక తూర్పు గోడకు ఉంది, వంటశాల పడమర చివర ఉంది, మెయిన్ డీబీ వంటశాల పక్క వరండాలో ఉంది. వేదిక పక్క గోడకున్న రెండు పవర్ ప్లగ్గులు చూపించి, దేంట్లోనైనా పెట్టుకోమని మీ కుర్రాడు చెప్పాడు. అతన్ని డీబీ దగ్గర నిలబెట్టి ఒక్కొక్క ఎంసీబీ దింపిస్తే తెలిసిందేమిటంటే, ఆ రెండు ప్లగ్గులూ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద ఉన్నాయి. భోజనాల దగ్గర కాఫీ మిషన్ పెట్టే ప్లగ్గు కూడా దాని మీదే ఉంది.

16 ఆంపియర్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 3,600 వాట్లు. నా బాక్సులు, మిక్సర్, మానిటర్లు అన్నీ కలిపి పాట మామూలుగా నడిచేటప్పుడు 1,500 వాట్ల దాకా లాగుతాయి. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడు అంతకు మించి లాగుతాయి. కాఫీ మిషన్ హీటర్ ఒక్కటే 2,500 వాట్లు. ఎంసీబీ గుణం మీకు తెలిసిందే, కొద్దిపాటి అధిక లోడుకు అది వెంటనే పడదు. లోపలి పట్టీ వేడెక్కి వంగేదాకా నిమిషాలు పట్టొచ్చు, ఒక్కోసారి అరగంటైనా పట్టొచ్చు. అందుకే పొద్దున టెస్ట్ చేస్తే అంతా బాగుంటుంది, రాత్రి తొమ్మిదింటికి హాలు నిండి కాఫీ మరుగుతున్నప్పుడు సౌండ్ ఆగిపోతుంది. కాబట్టి డీబీ నుంచి నేరుగా రెండు 16 ఆంపియర్ల లైన్లు సౌండ్‌కే విడిగా ఇప్పించండి. రెండూ ఒకే ఫేజ్ మీద ఉండాలి. డెకరేషన్ లైట్లు, ఎల్‌ఈడీ తెర మరో ఫేజ్ మీద పెట్టించండి.

రెండో సంగతి న్యూట్రల్. దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఒకసారి దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల కిందట ఒక హాల్లో కరెంటు పోయి జనరేటర్ మీదకు మారాం. రెండు నిమిషాల్లో వేదిక మీది లైట్లు తెల్లగా భగ్గుమన్నాయి, భోజనాల వైపు లైట్లు మసకబారాయి. అదేమిటా అనుకునేలోపే నా ఆంప్లిఫైయర్లలో రెండింటి నుంచి కాలిన వాసన వచ్చింది. తర్వాత విప్పి చూస్తే చేంజోవర్ స్విచ్‌లో న్యూట్రల్ తీగ లగ్గు నల్లబడి, స్క్రూ వేలితో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంది.

మూడు ఫేజుల కరెంటులో ప్రతి ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ ఊడిందంటే సామాన్లు ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య వరసగా కట్టినట్టవుతాయి. మూడో ఫేజ్‌ను పక్కన పెట్టి లెక్క చూడండి. వంటశాల వైపు 6,000 వాట్ల లోడు, నా వైపు 2,000 వాట్ల లోడు ఉందనుకుందాం. ఆ 400 వోల్టులు సమంగా పంచుకోవు. తక్కువ లోడు ఉన్నవైపే ఎక్కువ వోల్టులు పడతాయి. నాకు 300, వంటవాళ్లకు 100. ఫ్యూజుకు గానీ ఎంసీబీకి గానీ ఈ సంగతి పట్టదు, వాటికి కరెంటు ఎక్కువైతేనే తెలుస్తుంది. కొన్ని లైట్లు వెలిగిపోతూ కొన్ని మసకబారుతుంటే ఎవరినీ అడక్కుండా మెయిన్ దించెయ్యమని మీ మనుషులందరికీ చెప్పి ఉంచండి.

మీ ఎలక్ట్రీషియన్ గారితో డీబీలో, చేంజోవర్‌లో న్యూట్రల్ స్క్రూలన్నీ మెయిన్ ఆపి బిగింపించండి. ఆ తర్వాత లోడు వేసి మీటర్ పెట్టి చూద్దాం. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. పది చూపిస్తే ఎక్కడో లోపం ఉన్నట్టే. ఎర్త్‌ను ఒక్క మీటర్‌తో నమ్మలేం. మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు, కాబట్టి తుప్పు పట్టిన ఎర్త్ తీగ కూడా దానికి మంచిదిగానే కనపడుతుంది. మీ ఎలక్ట్రీషియన్ గారే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూడాలి, అది నిండుగా వెలగాలి. ఆ లైన్‌లో ఆర్‌సీసీబీ ఉంటే బల్బు వెలగకుండా అదే పడిపోతుంది, అది మంచిదే. బాక్సుల్లో గుయ్‌మని మోత వస్తే ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉన్నారు. మోత పోతుంది, కానీ గిటార్ పట్టుకుని మైకు దగ్గర పెదవి పెట్టిన మనిషికి రక్షణ కూడా దాంతోనే పోతుంది. నేను ఆ పని చేయను, చేయనివ్వను.

ఇక కేబుల్ దారి. డీబీ నుంచి వేదికకు భోజనాల గుమ్మం గుండా తీసుకెళ్తే 25 మీటర్లే. కానీ ఆ గుమ్మంలోంచి వెయ్యిమంది చేతులు కడుక్కుని తడి కాళ్లతో వస్తారు. అందుకని ఉత్తరపు గోడ వెంట, కిటికీల పైనుంచి, 40 మీటర్ల దారిలో తెస్తాను. దూరం పెరిగితే తీగలో వోల్టులు తగ్గుతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పది ఆంపియర్లకు ఆరు వోల్టులు పోతాయి, 4 చదరపు మిల్లీమీటర్లదైతే నాలుగు లోపే. లావుదే తెస్తున్నాను. మిగిలిన కేబుల్‌ను డ్రమ్ముకు చుట్టి ఉంచను, చుట్టల మధ్య వేడి బయటకు పోక తొడుగు మెత్తబడుతుంది. గోడకు పైన కొక్కేలు కొట్టుకోవడానికి మీ అనుమతి కావాలి.

మైకుల కేబుల్ దక్షిణపు గోడ వెంట వస్తుంది. పవర్ కేబుల్‌ పక్కనే పడుకోబెడితే మోత అంటుకుంటుంది కాబట్టి వాటి మధ్య అడుగైనా ఎడం ఉంచుతాను. రెండూ కలవక తప్పనిచోట అడ్డంగా, నిటారుగా దాటిస్తాను. ఆ దాటేచోటు వేదిక వెనక ఉంటుంది. వేదిక మెట్ల ముందు మాత్రం ఏ కేబులూ ఉండదు. ఆశీర్వదించడానికి ముసలివాళ్లు, పట్టుచీరల్లో ఆడవాళ్లు, పసిపిల్లలు ఎక్కేది ఆ మెట్ల మీదే.

కార్పెట్ కింద కేబుల్ దాచమని డెకరేషన్ వాళ్లు అడుగుతారు. దయచేసి మీరే వద్దని చెప్పండి. ఒక రిసెప్షన్‌లో పూల ఆర్చి కట్టేవాళ్ల పిన్ను కార్పెట్‌లోంచి కేబుల్ తొడుగులోకి దిగింది. పూలు వాడకుండా నీళ్లు చల్లారు. ఇనుప ఫ్రేము పట్టుకున్న కుర్రాడికి చెయ్యి జివ్వుమంది. నా బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి ఆ క్షణమే కరెంటు ఆగింది. పిన్ను తల కందిగింజంత కూడా లేదు, కార్పెట్ ఎత్తి వేలితో తడిమితే గానీ దొరకలేదు. పూల స్తంభాలు ఎక్కడ పాతుతారో వాళ్లనడిగి నాకు ముందే చెప్పండి, నా దారి మార్చుకుంటాను.

జనరేటర్ అందుకునేదాకా మిక్సర్ ఆగిపోకుండా యూపీఎస్ నేనే తెచ్చుకుంటాను. దాని గురించి మీరు చూసుకోనక్కర్లేదు.

రిసెప్షన్‌కు ముందురోజు పొద్దున పదింటికి వస్తాను. ఆ వేళకు మీ ఎలక్ట్రీషియన్ గారు ఉండేలా చూడండి. జనరేటర్ మీద ఒక గంట పూర్తి లోడుతో నడిపి చూద్దాం. రిసెప్షన్ సాయంత్రం ఆరు నుంచి అతిథులు వెళ్లేదాకా డీబీ దగ్గర ఒక మనిషిని ఉంచండి. డీబీ తాళం అతని జేబులోనే ఉండాలి.