ఫొటోలో మసాలా దినుసులను గుర్తించడం

మసాలా దినుసు చేతిలో ఉంటే ముందుగా పనిచేసేది ముక్కు. ఫొటోలో వాసన ఉండదు, బరువు తెలియదు, గోటితో గిల్లి చూసే వీలూ ఉండదు. మిగిలేది ఆకారం, ఉపరితలం, రంగు. ఈ మూడింటిలో నమ్మదగినది ఆకారం, అంతగా నమ్మకూడనిది రంగు. పచ్చని బల్బు వెలుతురులో తీసిన ఫొటోలో జాపత్రి ఎర్రగా కనిపించవచ్చు, ఏడాది నిల్వ ఉన్న పచ్చ యాలక్కాయ గోధుమ రంగుకు తిరగవచ్చు. అందుకే ఫొటో చూడగానే వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది: కనిపిస్తున్నది మొక్కలో ఏ భాగం? లవంగం విచ్చుకోని మొగ్గ. యాలక్కాయ, అనాసపువ్వు రెండూ ఎండిన కాయలు. జాపత్రి గింజను చుట్టుకుని ఉండే పొర. మొగ్గకు ఉండే గుర్తులు కాయకు ఉండవు, కాయకు ఉండేవి పొరకు ఉండవు. ఈ సంగతి తేలితే సగం పని అయినట్టే.

లవంగంలో మనం కాడ అనుకునేది నిజానికి పువ్వులోని భాగమే. దాని పైభాగంలో అండాశయం ఉంటుంది. దగ్గరగా చూస్తే ఈ భాగం పూర్తిగా గుండ్రంగా కాక, కొద్దిగా నాలుగు పలకలుగా కనిపిస్తుంది. దాని కొనన నాలుగు రక్షకపత్రాలు బయటికి విచ్చుకుని ఉంటాయి. వాటి మధ్య లేత రంగులో ఉండే గుండ్రని తల, ఒకదానిపై ఒకటి మూసుకున్న నాలుగు ఆకర్షణపత్రాలు. ఈ తల ఎండాక పెళుసుగా ఉంటుంది కనుక రవాణాలో తరచూ రాలిపోతుంది. అప్పుడు నాలుగు కొనల మధ్య చిన్న చదరం, దాని నడుమ ఒక మొన కనిపిస్తాయి. కాబట్టి తల లేనంత మాత్రాన అది లవంగం కాదనడానికి లేదు. లెక్కపెట్టవలసింది ఆ నాలుగు కొనలను.

తెలుగు ఇళ్లలో లవంగంతో పొరపడే అవకాశం ఎక్కువగా ఉన్నది మరాఠీ మొగ్గ. ఇది బూరుగు మొగ్గ. బిర్యానీ మసాలాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే ఎవరూ పొరబడరు, ఎందుకంటే మరాఠీ మొగ్గ చాలా పెద్దది. దగ్గరి ఫొటోలో మాత్రం ఆ తేడా మాయమవుతుంది. ఒక గోధుమ రంగు కాడ, దాని చివర ఉబ్బిన తల తెరనిండా కనిపిస్తున్నాయనుకుందాం. ముందు ఆ తలను చూడాలి. నాలుగు విడి కొనలు, వాటి నడుమ గుండు ఉంటే లవంగం. కొనలు విడివిడిగా లేక, మందపాటి గిన్నె వంటి కోశం మాత్రమే ఉంటే మరాఠీ మొగ్గ. తల వైపు మసకగా ఉండి ఏమీ తేలకపోతే, అదే ఫొటోలో మిరియం ఉందేమో వెతకాలి. మిరియపు గింజ అడ్డంగా సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. లవంగం పొడవు సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే మూడు మిరియాలను వరసగా పేర్చినంత. ఆ కాడ పొడవు ఐదారు మిరియాలకు సాటి వస్తే అది లవంగం కాదు.

ఫొటో తీసే వారు ఈ చిక్కును ముందే తప్పించవచ్చు. తెల్ల కాగితం మీద దినుసును ఉంచి, పక్కన రూపాయి నాణెం పెట్టి, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో తీయాలి. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే ముందున్న భాగం ఉబ్బినట్టు, వెనక భాగం కుదించుకుపోయినట్టు వస్తుంది. కొంచెం దూరం నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, విప్పి లోపలిది ఒకటి, మొత్తం మూడు ఫొటోలు ఉంటే చాలావరకు సందేహం మిగలదు.

విప్పి చూడడం వల్ల ఎక్కువ మేలు జరిగేది యాలక్కాయ విషయంలో. పైతొక్క మీద మూడు పలకలు, నిలువునా సన్నని గీతలు కనిపిస్తాయి. లోపల మూడు గదులు, ఒక్కో గదిలో పలుచని పొరతో అంటుకున్న ముదురు గోధుమ రంగు గింజలు ఉంటాయి. గింజలు గుండ్రంగా కాక కోణాలతో, పైన ముడతలతో ఉంటాయి. తెల్లబడిన తొక్క కూడా యాలక్కాయదే కావచ్చు, ఎందుకంటే కొన్నిటిని కావాలనే తెల్లబరుస్తారు. సిక్కిం కొండల్లో విరివిగా పండే పెద్ద యాలక్కాయ వేరే మొక్కది. పొగ మీద ఎండబెడతారు కనుక ముదురు గోధుమ రంగులో ఉంటుంది. దాని తొక్క మీది గీతలు మోటుగా, లోతుగా ఉంటాయి. నాణెం పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

జాపత్రి, జాజికాయ ఒకే పండులోవి. పండు పగిలినప్పుడు గింజ పెంకును వల వేసినట్టు చుట్టుకుని ఎర్రగా మెరిసే పొరే జాపత్రి. ఎండేకొద్దీ ఆ ఎరుపు పోయి పసుపు, నారింజ కలిసిన రంగు వస్తుంది. చెడకుండా ఉన్న రేకు అడుగున ఒకే పొరగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ వెడల్పాటి పట్టీలుగా చీలుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి తీసిన ఫొటోలో అది కొంత పారదర్శకంగా, మైనం పూసినట్టు కనిపిస్తుంది. దీనికి బదులుగా, లేదా దీనితో కలిపి అమ్మేది రాంపత్రి. ఇది పశ్చిమ కనుమల్లో పెరిగే అడవి జాజిజాతి చెట్టుది. రాంపత్రి పట్టీలు సన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. మొత్తం ఆకారం పొడవుగా ఉంటుంది, రంగు ముదురు ఎరుపు వైపు మొగ్గుతుంది. వాసన చాలా తక్కువ. రేకు పూర్తిగా ఉంటే ఫొటోలోనే ఈ రెండింటినీ వేరుచేయవచ్చు. ముక్కలైపోతే రంగు ఒక్కటే మిగులుతుంది, రంగు మీద ఆధారపడి తీర్పు చెప్పడం సరికాదు.

అన్నిటికంటే తేలిగ్గా గుర్తుపట్టగలిగేది అనాసపువ్వు అనిపిస్తుంది. మధ్యలో చిన్న స్తంభం, దాని చుట్టూ పడవల్లా తెరుచుకున్న అరలు, ఒక్కో అరలో నిగనిగలాడే ఒక గింజ. ఇలాంటి అమరిక వంటింటి దినుసుల్లో మరి దేనికీ లేదు. అరలు సాధారణంగా ఎనిమిది. అన్నీ ఒకే పరిమాణంలో ఉండవు, కొన్ని సరిగా పెరగక చిన్నవిగా ఉండిపోతాయి. దక్షిణ చైనా, వియత్నాంలలో ఎక్కువగా పండించే ఈ కాయకు జపాన్‌లో పెరిగే ఒక దగ్గరి బంధువు ఉంది. దాని కాయలో అనిసాటిన్ అనే విషం ఉంటుంది. అది నాడీమండలం మీద పనిచేసి వాంతులు, మూర్ఛలు కలిగిస్తుంది. అనాసపువ్వుతో కాచిన టీలు తాగిన వారు, పసిపిల్లలు సహా, అస్వస్థులు కావడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2003లో అలాంటి టీలు తాగవద్దని హెచ్చరించింది.

విషపు కాయ సాధారణంగా చిన్నది. దాని అరల కొనలు సన్నగా సాగి, కొక్కెంలా పైకి వంగుతాయి. తినదగిన దాని కొనలు మొద్దుగా, దాదాపు తిన్నగా ఉంటాయి. విషపు కాయలో అరలు ఎనిమిది కంటే ఎక్కువగా ఉండడమూ కద్దు. అయితే ఈ గుర్తులు ఏవీ గీత గీసినట్టు కచ్చితమైనవి కావు. ఎండి ముడుచుకున్న మంచి కాయ కొన కూడా వంగవచ్చు, అరల సంఖ్య అటూ ఇటూ కావచ్చు, రెండు రకాలూ ఒకే సంచిలో కలిసిపోయి ఉండవచ్చు. అనాసపువ్వు వాసన తీపిగా సోంపును పోలి ఉంటుంది, విషపు కాయకు ఆ వాసన ఉండదు. ఈ తేడా ఫొటోకు అందదు. కనుక ఫొటో చూసి ఇది అనాసపువ్వు జాతి కాయ అని చెప్పవచ్చు గానీ, తినడానికి తగినదని చెప్పకూడదు. అది తేల్చేది ప్రయోగశాలలో చేసే రసాయన పరీక్ష. ఎక్కడిదో తెలియని కాయలను, పొడిని, విరిగిన ముక్కలను కషాయంలో వాడకపోవడమే క్షేమం.