ముందు ఐదొందలు వేసి చూద్దాం

షేర్లు కొనుక్కునే యాప్ ఒకటి కొత్తగా బజార్లోకి వచ్చిందనుకుందాం. మొదట్లో వచ్చే కస్టమర్లు చాలామంది ఒకేలా ప్రవర్తిస్తారు. యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటారు, పాన్ నంబరు ఇస్తారు, ఆధార్ ఓటీపీ కొడతారు, సెల్ఫీ దిగుతారు. ఖాతా తెరుచుకోగానే లక్ష రూపాయలు తెచ్చి పోయరు. ఐదొందలు వేస్తారు. ఏ షేరూ కొనరు. మర్నాడు ఆ ఐదొందలు తిరిగి బ్యాంకుకు పంపమని అడుగుతారు. అవి వచ్చి పడ్డాకే అసలు సొమ్ము సంగతి ఆలోచిస్తారు.

మార్కెటింగ్ విభాగం వీళ్లను దండగ కస్టమర్ల కింద లెక్కేస్తుంది. నిజానికి కంపెనీకి పరీక్ష పెట్టేది వీళ్లే. పేరు, రంగు, బొమ్మ, ప్రకటన కలిపి బ్రాండ్ అనుకుంటాం కానీ, డబ్బు చేతులు మారే వ్యాపారంలో జనం గుర్తుపెట్టుకునేది మాత్రం ఆ ఐదొందలు ఎంతసేపటికి, ఎలా తిరిగొచ్చాయన్నదే.

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర దానికి పెద్ద కారణమే ఉంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన కార్వీ అంటే ఒకప్పుడు ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఊరూరా బ్రాంచీలు, ఇంట్లో రెండు తరాల పరిచయం. అలాంటి సంస్థకు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌ను 2019 నవంబరు 22న సెబీ అడ్డుకుంది. కస్టమర్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకొని వాళ్ల షేర్లను తన ఖాతాలోకి మళ్లించుకుందని, వాటిని బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని తేల్చింది. ఆ షేర్ల విలువ రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. ఆ తర్వాత కొద్ది రోజులకే ఎక్కువమంది షేర్లు వాళ్ల ఖాతాల్లోకి తిరిగొచ్చాయి కానీ, మధ్యలో వాళ్లు పడ్డ ఆందోళన ఇంకా చాలా ఇళ్లలో గుర్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కార్వీకి బ్రాండ్ కొరత లేదు. తెలిసిన పేరు, తెలిసిన మనుషులు, వీధి చివర ఆఫీసు, అన్నీ ఉన్నాయి. వాటిలో ఏదీ షేర్లను కాపాడలేకపోయింది. కాబట్టి కొత్తగా వచ్చే కంపెనీ ‘మమ్మల్ని నమ్మండి’ అని ఎంత అందంగా చెప్పినా, విన్నవాడికి పాత గాయమే గుర్తొస్తుంది. ‘మేం తీసుకుందామన్నా తీసుకోలేం, కావాలంటే మమ్మల్ని అడక్కుండానే చూసుకోండి’ అని చూపించగలిగితే మాత్రం వాడు ఓ నిమిషం ఆగి వింటాడు.

అలా చూపించే వీలు ఇప్పుడు ఉంది. కార్వీ వ్యవహారం తర్వాత నిబంధనలు చాలా మారాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం షేర్లు తాకట్టు పెట్టినా అవి కస్టమరు డీమ్యాట్ ఖాతా దాటి బయటికి పోవు. అక్కడే ఉండి, వాటి మీద తాకట్టు గుర్తు మాత్రం పడుతుంది. దానికి ఓటీపీ కూడా బ్రోకరు పంపడు, డిపాజిటరీయే నేరుగా పంపుతుంది. పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత అనుమతి వచ్చింది. అమ్మిన షేర్లు అప్పగించడం, మార్జిన్ కోసం తాకట్టు లాంటి నాలుగు పనులకే అది చెల్లుతుంది. అదీ ఇవ్వడం ఇష్టం లేకపోతే, అమ్మినప్పుడల్లా కస్టమరే పిన్, ఓటీపీ కొట్టి ఒప్పుకోవచ్చు. నగదు సంగతీ అంతే. ఖాతాలో ఖాళీగా పడున్న సొమ్మును మూడు నెలలకోసారి, కస్టమరు కోరితే నెలకోసారి, అడక్కపోయినా బ్యాంకుకు తిప్పి పంపాలి.

ఇవి ప్రతి బ్రోకరూ పాటించాల్సినవే. ఇందులో ఏ కంపెనీకీ ప్రత్యేకత లేదు. తేడా వీటిని ఎక్కడ పెడతారన్న దగ్గర వస్తుంది. చాలా యాప్‌లు ఇవన్నీ అట్టడుగున సన్న అక్షరాల్లో పడేస్తాయి. తెలివైన కంపెనీ ఖాతా తెరిచిన రోజే, మొదటి తెర మీదే, ‘మీ షేర్లు మా దగ్గర ఉండవు, డిపాజిటరీలో ఉంటాయి, అక్కడ సొంతంగా లాగిన్ అయ్యి చూసుకోవడం ఇలా’ అని దారి చూపిస్తుంది. తన యాప్ బయటికి కస్టమర్ని తానే పంపడం ఏ ప్రోడక్ట్ మేనేజరుకూ రుచించదు. అయినా నమ్మకం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ ఐదొందల వెంట కొంచెం నడుద్దాం. తెనాలిలో ఒక టీచరమ్మ ఉన్నారనుకోండి. ఆవిడ బ్యాంకు పాస్‌బుక్కులో పేరు ‘కె. వెంకటలక్ష్మి’. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ చివర్న. ఖాతా నిజంగా ఆవిడదేనా అని చూడ్డానికి యాప్ ఒక రూపాయి ఆ బ్యాంకు ఖాతాలోకి పంపుతుంది. బ్యాంకు తిరిగి పంపిన పేరును పాన్‌లోని పేరుతో సరిపోల్చుతుంది. ఉత్తరాది పేర్లను దృష్టిలో పెట్టుకొని రాసిన ప్రోగ్రామయితే మన ఇంటిపేర్ల దగ్గర బోల్తా పడుతుంది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో ‘పేరు సరిపోలలేదు, తిరస్కరించబడింది’ అని వస్తుంది. పాన్ ఇచ్చాం, ఆధార్ ఇచ్చాం, ఇప్పుడు కాదంటున్నారు, నా వివరాలు ఏమైనట్టు? ఆవిడకు వచ్చే మొదటి ఆలోచన ఇదే. అదే కంపెనీ ‘మీ బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. చెక్కు ఫొటో ఒకటి పంపండి, మా మనిషి చూసి రేపు సాయంత్రంలోగా సరిచేస్తారు’ అని రాస్తే, పని ఒక రోజు ఆలస్యమవుతుందేమో కానీ భయం పుట్టదు.

తర్వాతి గండం డబ్బు వేసేటప్పుడు. యూపీఐలో ఐదొందలు కట్ అయ్యాయి, యాప్‌లో బ్యాలెన్స్ మాత్రం సున్నా. ఇది కంపెనీ తప్పు కాకపోవచ్చు, మధ్యలో ఏదో బ్యాంకు సర్వరు నిద్రపోయి ఉండొచ్చు. ఇలా ఇరుక్కున్న సొమ్ము వ్యాపారికి చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం. గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. ఇంత స్పష్టమైన నియమం ఉండగా యాప్‌లు ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అని ఊరుకుంటాయి. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికంటే చెడ్డ వాక్యం ఇదే. మళ్లీ ప్రయత్నిస్తే ఇంకో ఐదొందలు పోతాయేమోనన్న భయం దీంతోనే మొదలవుతుంది. అక్కడ ఉండాల్సింది మూడు ముక్కలు: డబ్బు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీలోగా వస్తుంది, రాకపోతే ఏ నంబరు చూపించి ఎవరిని అడగాలి.

ఆఖరిది డబ్బు తీసుకోవడం. ‘విత్‌డ్రా’ బటన్‌ను నాలుగు తెరల వెనక దాచిపెట్టిన యాప్‌లు ఉన్నాయి. దాచిన మరుక్షణమే ఐదొందల కస్టమరు పోయినట్టే. అడిగిన ఒక పనిదినంలో, ఆవిడ పేరున్న బ్యాంకు ఖాతాకే, అణా పైసలతో సహా వెళ్లిపోవాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఐదొందలు వేసి తీసి చూసే పరీక్షలో దొంగలు కూడా పాసవుతారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నకిలీ ట్రేడింగ్ యాప్‌లు మొదటి చిన్న మొత్తాన్ని ఠంచనుగా వెనక్కి ఇస్తాయి. నమ్మకం కుదిరాక లక్షలు వేయిస్తాయి. తెర మీద లాభం చూపిస్తాయి. తీసుకోబోతే ‘ముందు ట్యాక్స్ కట్టండి’ అంటాయి. కొన్నిసార్లు పేరున్న బ్రోకర్ల లోగో, పేరు, సెబీ సర్టిఫికెట్ కాపీ కూడా వాడుకుంటాయి. లోగో కాపీ కొట్టడానికి ఎంతసేపు? బ్రోకరు రిజిస్ట్రేషన్ నంబరు INZతో మొదలవుతుంది, అది ఎవరైనా ఎక్కడైనా అచ్చేసుకోవచ్చు.

కాబట్టి కంపెనీ గుర్తింపును కాపీ కొట్టలేని చోట కట్టుకోవాలి. 2025 అక్టోబరు నుంచి సెబీ అలాంటిదొకటి తెచ్చింది. రిజిస్టరైన బ్రోకర్ల యూపీఐ ఐడీలో పేరు పక్కన .brk అని, ఆ తర్వాత @valid, దాని వెనక బ్యాంకు పేరు వస్తాయి. డబ్బు పంపే ముందు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది. అది సెబీ దగ్గర నమోదైన సంస్థలకే దొరుకుతుంది. ‘సెబీ చెక్’ అనే సదుపాయంలో బ్రోకరు యూపీఐ ఐడీ గానీ, బ్యాంకు ఖాతా నంబరు గానీ కొట్టి అసలుదో కాదో తేల్చుకోవచ్చు. బ్యాంకులకైతే వెబ్‌సైటు చిరునామాలోనే ఇలాంటి రక్షణ వచ్చింది. bank.in తో ముగిసే చిరునామాలను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ద్వారా బ్యాంకులకు మాత్రమే ఇస్తారు.

కొత్త కంపెనీ చేయాల్సిందల్లా ఈ గుర్తులకు అడ్డం రాకుండా నడుచుకోవడం. వెబ్‌సైటు ఒక్కటే ఉండాలి, పండగ ఆఫర్‌కో చిరునామా వద్దు. ఎస్సెమ్మెస్‌లో కుదించిన లింకులు పంపకూడదు. ఆర్థిక సంస్థల సర్వీసు కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు కాబట్టి, ఉద్యోగి సొంత సెల్లు నుంచి ‘సార్, మీ ఖాతా గురించి’ అంటూ ఫోన్ చేయకూడదు. నిజమైన కంపెనీ ఒక్కసారి అలా చేస్తే, కస్టమరుకు అది మామూలే అనిపిస్తుంది. మర్నాడు దొంగ చేసినా తేడా తెలియదు. ఈ క్రమశిక్షణ దగ్గర కంపెనీలు తరచూ జారిపోతాయి. నెలాఖరు టార్గెట్ మీద పడగానే ‘ఈ ఒక్క మెసేజికే’ అంటూ మొదలుపెడతారు.

అసలైన రుజువు మాత్రం షేరు కొన్న తర్వాత దొరుకుతుంది. టీచరమ్మ ఒక షేరు కొంటే, మర్నాటికి అది డీమ్యాట్ ఖాతాలో చేరుతుంది. డిపాజిటరీ నుంచి నెలవారీ స్టేట్‌మెంటు ఆవిడ మెయిలుకు నేరుగా వస్తుంది. అందులో ఆ షేరు ఉంటే ఉన్నట్టే, లేకపోతే యాప్‌లో ఎన్ని లక్షల లాభం కనిపించినా అది ఉత్త బొమ్మ. నకిలీ యాప్ దాటలేని గోడ ఇదొక్కటే. అందుకే ‘ముందు ఒక్క షేరు కొని, స్టేట్‌మెంటు వచ్చాక మిగతా డబ్బు వేయండి’ అని కస్టమరుకు తానే చెప్పే కంపెనీని నేను త్వరగా నమ్ముతాను.

ఇంకో భయం ఉంది. దాన్ని కంపెనీ తీర్చలేదు, తీరుస్తానని చెప్పకూడదు కూడా. సొమ్ము దొంగతనంగా పోవడం వేరు, మార్కెట్లో పోవడం వేరు. మొదటిది పోగొట్టిన ఉత్సాహంలో రెండోదాని మీదా భరోసా ఇచ్చేస్తే, షేరు పడిన రోజున కస్టమరు దృష్టిలో రెండూ ఒకటైపోతాయి. గ్యారంటీ లాభాలు అనే మాట బ్రోకర్ల ప్రకటనల్లో నిషిద్ధం. సినిమా హీరోతో చెప్పించడం కూడా కుదరదు, ఎక్స్ఛేంజీల ప్రకటన నియమావళి ఒప్పుకోదు. మన రాష్ట్రాల్లో ప్రచారం అంటే హీరోయే కాబట్టి కంపెనీలకు ఇది కష్టంగానే ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైంది ఆదాయం దగ్గర వస్తుంది. కస్టమరు ఎంత ఎక్కువ ట్రేడింగ్ చేస్తే బ్రోకరుకు అంత రాబడి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. ఆ హెచ్చరిక తెర మీద చూపించాలన్న నియమం ఉంది కాబట్టి అందరూ చూపిస్తారు. చూపించి, దాని కిందే మెరిసే ఆప్షన్స్ బటన్ పెడతారు. షేరు ఒకటి కొన్న టీచరమ్మకు ఆ బటన్ మొదటి రోజే కనిపించాలా, ఆవిడే వెతుక్కుని అడిగినప్పుడు తెరవాలా అన్నది కంపెనీ యజమానులు గదిలో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అడిగినప్పుడే తెరిస్తే ఆ త్రైమాసికం ఆదాయం తగ్గుతుంది, పెట్టుబడి పెట్టినవాళ్లకు ఆ లెక్క ముందే చెప్పి ఒప్పించుకోవాలి.